నెట్టు ఉంది, ఓటీపీ రాలేదు: తప్పు ఎక్కడుంది?

ఈసారి ఆకు గురించి కాదు, ఓటీపీ గురించి రాస్తున్నా. పోయిన పంటకు దీనివల్లే నాకు చాకీ పురుగులు తప్పిపోయాయి.

జరిగింది ఇది. చాకీ కేంద్రానికి అడ్వాన్సు కట్టాలి. రేకుల షెడ్డులో తట్టల మధ్య నిలబడి, ఇంటి వైఫై మీద బ్యాంకు యాప్ తెరిచాను. 11:20కి ఓటీపీ అడిగాను. మూడు నిమిషాల గడువు అయిపోయింది, రాలేదు. మళ్లీ నొక్కాను, మళ్లీ నొక్కాను. మొత్తం నాలుగు సార్లు. 11:34కి బయటికొచ్చి చాకీ కేంద్రానికి ఫోన్ చేశాను. ఆ కాల్ కలవగానే నాలుగు ఓటీపీలు ఒకేసారి దబదబా పడ్డాయి. గాబరాలో పాతవి కొట్టాను. మూడు తప్పులకు యాప్ లాక్ అయిపోయింది. సాయంత్రానికి నా పురుగులు ఇంకొకరికి పోయాయి.

అందరూ "నెట్ స్లో" అన్నారు. కాదు. మెసేజీ మామూలుగా నెట్టు దారిలో రాదు. ఫోన్ మోగే ముందు టవరూ ఫోనూ తమలో తాము మాట్లాడుకోవడానికి సన్నని దారి ఒకటి ఉంటుంది, దాన్ని సిగ్నలింగ్ చానెల్ అంటారు. ఎస్సెమ్మెస్‌ను మొదట దాంట్లోనే ఇరికించారు. అందుకే దానికి 140 బైట్ల హద్దు: ఇంగ్లీషులో 160 అక్షరాలు, తెలుగులో 70. డేటా ప్యాక్ ఎంత పెద్దది వేసినా ఈ దారి వెడల్పు కాదు.

మన మార్కెట్టులో మైకు గుర్తు తెచ్చుకోండి. బ్యాంకు పంపిన మెసేజీ ముందు కంపెనీ మెసేజీ సెంటర్‌కు చేరుతుంది. ఆ సెంటర్, ఈ నంబరు ఏ ప్రాంతంలో ఉందని రిజిస్టరును అడుగుతుంది. ఆ ప్రాంతంలోని టవర్లన్నీ మైకులో లాట్ నంబరు పిలిచినట్టు పిలుస్తాయి. ఫోన్ "ఉన్నా" అంటేనే మెసేజీ దిగుతుంది. రేకుల కింద ఫోన్‌కు ఆ పిలుపు వినపడలేదనుకోండి, "మనిషి లేడు" అని గుర్తు పెట్టి మెసేజీని పక్కన ఉంచుతారు. కొంచెం ఆగి మళ్లీ పిలుస్తారు. దొరక్కపోతే ఆగే సమయం పెరుగుతూ పోతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. సిగ్నల్ మళ్లీ వచ్చినా ఫోన్ ఊరికే ఉంటే, వచ్చానని వెంటనే చెప్పాల్సిన పని దానికి లేదు. అది ఏదో ఒకటి చేసి టవర్‌ను పలకరిస్తేనే ఆ గుర్తు చెరిగిపోయి, "మనిషి వచ్చాడు" అని సెంటర్‌కు కబురు పోతుంది. నేను కాల్ చేసినప్పుడు జరిగింది అదే. కాబట్టి ఓటీపీ రాకపోతే మళ్లీ మళ్లీ నొక్కొద్దు. బయటికొచ్చి ఒక కాల్ చేయండి, లేదంటే ఏరోప్లేన్ మోడ్ వేసి తీయండి. ఆ తర్వాత కూడా గడువు దాటిపోతే ఒక్కసారే కొత్తది అడిగి, చివరగా పంపిందే కొట్టండి.

తప్పు ఎవరిదో కూడా తెలుసుకోవచ్చు. చాలా ఫోన్లలో మెసేజీని ఒత్తిపట్టి వివరాలు చూస్తే పంపిన టైమూ, అందిన టైమూ వేరువేరుగా కనిపిస్తాయి. నా మొదటి ఓటీపీకి 11:20, 11:34 అని ఉన్నాయి. అంటే సెంటర్‌కు వెంటనే చేరింది, ఆగింది చివరి మెట్టు దగ్గర. పంపిన టైమే ఆలస్యంగా ఉంటే చిక్కు అంతకు ముందే, బ్యాంకు వైపు. అప్పుడు మీరు షెడ్డు బయట నిలబడినా లాభం లేదు.

నా తప్పు నేను ఒప్పుకుంటా. కానీ బ్యాంకులదీ ఉంది. మెసేజీకి గడువు పెట్టి పంపే వీలు ఈ పద్ధతిలో ఎప్పటినుంచో ఉంది. మూడు నిమిషాల ఓటీపీకి మూడు నిమిషాల గడువే పెడితే, చచ్చిన ఓటీపీలు మన ఫోన్‌లో పడి గందరగోళం చేయవు. లేదంటే ప్రతి ఓటీపీ మీద ఇది ఒకటోది, ఇది రెండోది అని రాయాలి. రెండూ ఖర్చు లేని పనులే. అవి చేయకుండా "మీ నెట్‌వర్క్ చూసుకోండి" అనడం న్యాయం కాదు. ఈసారి బ్యాంకుకు పోయినప్పుడు ఆ రెండు టైములు చూపించి అడగండి. నేను రాసి ఇచ్చి వచ్చాను.

ఇంకో మాట. "మీ ఓటీపీ లేటయింది కదా, వచ్చాక నాకు చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వాడు దొంగ. పెట్టేయండి.