పద్ధతిగా అంటే ఏ పద్ధతి?

మిల్లు మూతపడి ఇన్నేళ్లయినా వాడలో ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. నేను చదివింది నాలుగో తరగతి, అదీ సోలాపూర్ తెలుగు బడిలో. అయినా ఇరవై ఎనిమిదేళ్లు వైండింగు ఖాతాలో నిలబడ్డ మనిషిని కదా, యంత్రం సంగతి అడగడానికి వస్తారు. ఈసారి వచ్చింది పక్కింటి పిల్లోడు. టవల్ కారఖానాలో ఆఫీసు పని చేస్తాడు.

"అత్తా, జర ఈ పేరా చూడు. సేట్ మళ్లీ రాయమన్నడు" అన్నాడు.

కార్మికులకు ఇచ్చే నియమాల పుస్తకంలోని బట్టల పేరా అది. మరాఠీలో ఉంది. వాడు చదివి తెలుగులో చెప్పాడు: "కామ్‌గార్లు అందరూ సభ్య పోషాకులో రావాలి. స్త్రీలు చీర గానీ పంజాబీ డ్రెస్సు గానీ పద్ధతిగా వేసుకోవాలి. అతిగా నగలు, ధార్మిక చిహ్నాలు, బురఖా, టోపీ చెల్లవు. పురుషులు షర్టు ప్యాంటులో ఉండాలి. నియమం తప్పితే చర్య ఉంటుంది."

మొదటి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మరాఠీలో సభ్య అంటే మర్యాద గలది. మన వాడలో మాట్లాడటమే గానీ మరాఠీ చదవనివాళ్లు ఎంతమంది! వాళ్లకు సభ్య అంటే సంఘంలో సభ్యుడే. "ఏందిరా, సభ్యులకు బట్టలిస్తరా?" అని అడిగితే వాడు నవ్వాడు. కానీ ఆ పేరా వల్ల పోయిన నెల జరిగింది నవ్వే విషయం కాదు. పొద్దున పాళీలో గేటు దగ్గర ముగ్గురు ఆడవాళ్లను వెనక్కి పంపారు. ఒకామె బురఖా వేసుకుంది. ఒకామెకు చేతినిండా గాజులున్నాయి, ఇంట్లో సీమంతం అయి రెండు రోజులు. ఇంకొకామె తొమ్మిది గజాల చీర కాసె పోసి కట్టింది, అది పద్ధతి కాదట. మధ్యాహ్నం పాళీలో ఇంకో సూపర్‌వైజర్ అలాంటి ముగ్గురినే లోపలికి పోనిచ్చాడు. పొద్దున వాళ్లకు సగం రోజు పగార్ పోయింది. మర్నాడు ఆడవాళ్లంతా గేటు ముందు కూర్చుంటే సేట్ దిగివచ్చి, పేరా మారుస్తాం అన్నాడు.

నాకు అప్పటి సంగతి ఒకటి గుర్తుకొచ్చింది. మా ఖాతాలో నా పక్క మిషను మీద పనిచేసే పిల్ల ఒకరోజు తలస్నానం చేసి, జడ అల్లుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. కొత్త చీర, నిండుగా పైట. ఎవరు చూసినా పద్ధతిగా ఉందనే అంటారు. తెగిన దారం అతకడానికి వంగింది. జడ కొస తిరిగే షాఫ్టుకు చుట్టుకుంది. జాబర్ పరుగెత్తి ఆపేలోపు నెత్తి చర్మం ఊడొచ్చింది. బతికింది గానీ మళ్లీ పనిలోకి రాలేదు. కాసె పోసి కట్టిన చీరలో పక్కనే నిలబడ్డ మరాఠీ ముసలమ్మకు వేలాడే కొస ఒక్కటీ లేదు. ఈ పేరా ప్రకారం చూస్తే ఆ పిల్ల లోపలికి, ముసలమ్మ బయటికి!

వాడితో అదే చెప్పాను. మనిషిని చూసి రాయొద్దు, నిలబడే చోటును చూసి రాయాలి. మగ్గాల షెడ్డులో ప్రమాదం ఏంది, అద్దకం ఖాతాలో ఏంది, ప్యాకింగు బల్ల దగ్గర ఏంది. అక్కడ ఏది చుట్టుకుంటుంది, ఏది కాలుతుంది, సరుకులో ఏది పడుతుంది. అప్పుడు ఆడ, మగ, హిందువు, ముసల్మాను అన్న మాటలు వాటంతటవే రాలిపోతాయి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్‌లో, నడిచే యంత్రానికి నూనె పోసేవాడు ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకోవాలనీ, వాటిని యజమానే ఇవ్వాలనీ రాశారు. ఆ పని మగవాళ్లకే అని కూడా రాశారనుకోండి, ఆ మాట ఇంకోసారి. కానీ బట్టల దగ్గర మర్యాద మాట ఎత్తలేదు, బిగుతు మాటే ఎత్తారు.

ముందు మగ్గాల షెడ్డుది రాశాం. "వేలాడే కొస ఉండకూడదు" అని వాడు రాశాడు. బాగుంది గానీ కొస అంటే ఏంది? పైట, ఓణీ, తలగుడ్డ, ధోవతి చెంగు, జడ, మెడలో గొలుసు, ఐడీ కార్డు తాడు అని పేర్లన్నీ పెట్టించాను. పొద్దున అయిదింటికి దీపం వెలుతురులో బట్టలు కట్టుకునే మనిషికి ఈరోజు తనను లోపలికి పోనిస్తారో లేదో ఇంట్లోనే తెలియాలి. గేటు దగ్గర ఇద్దరు సూపర్‌వైజర్లకు ఒకటే జవాబు రావాలి. "అతిగా" అన్న మాట ఈ పరీక్షలో నిలబడదు. నాకు ఆరు గాజులు అతి కాదు, వాడికి రెండే అతి.

బురఖా దగ్గర వాడు జంకాడు. "మనం అనుకునుడు ఎందుకు, ఆమెనే అడుగు" అన్నాను. సాయంత్రం ఆమె ఇంటికి పోయాం. ఆమె చెప్పింది వింటే చిత్రంగా ఉంది. పనిచేసేటప్పుడు బురఖా తీయనని ఆమె ఎన్నడూ అనలేదట. తల కప్పి ఉండాలి, చేతులు కప్పి ఉండాలి, తీసి పెట్టుకోవడానికి గడియ ఉన్న గది ఉండాలి, అంతే. గేటు దగ్గర అందరి ముందు తీయమన్నందుకే వెనక్కి తిరిగిందట. నిండు చేతుల కోటు, మణికట్టు దగ్గర ఎలాస్టిక్, చివర లోపలికి దోపే తలగుడ్డ. ఇది మాకూ మంచిదే. దూది దుమ్ము తలలో పడదు, పైట కోటు కింద ఉంటుంది. అందుకే ఆ కోటు అందరికీ అని రాశాం. ఒక తప్పు మేమే చేశాం. ఏప్రాన్ అని రాస్తే వెనక తాళ్లు వేలాడుతాయి కదా, అవే కొసలు! తాళ్లు కొట్టేసి, గుంజితే ఊడే పట్టీ పెట్టాలని రాశాం.

గాజుల సంగతి ఇంకోలా తేలింది. మగ్గం దగ్గర గాజు పగిలితే చెయ్యి తెగుతుంది. ప్యాకింగు బల్ల దగ్గర అయితే పెంకు టవల్‌లో దూరుతుంది, ఏ పిల్లకో మొహం తుడిస్తే గీసుకుంటుంది. కాబట్టి రెండు చోట్లా గాజు గాజులు వద్దు. ఆఫీసులో, గోడౌన్‌లో అడ్డం లేదు. సీమంతం గాజులు తీయడం ఇష్టం లేని మనిషి ఉంటే ఆ కొన్ని రోజులు అక్కడ పని ఇవ్వాలి. మంగళసూత్రం, నల్లపూసలు, తాయెత్తు, జంధ్యం, లింగాయతుల మెడలోని లింగం, ఏదైనా సరే, లోపలికి వేసుకుంటే చాలు. బొట్టు, విభూతి, గడ్డం గురించి ఒక్క అక్షరం రాయలేదు. వాటికీ యంత్రానికీ సంబంధం లేదు.

తలగుడ్డకు పిన్నీసు పెట్టుకోమని మొదట రాశాం. చెకింగులో పనిచేసే మా చెల్లెలు విని కొట్టేయించింది. ఎగుమతి టవళ్లు లోహం పట్టే యంత్రంలోంచి పోతాయి, పిన్నీసు రాలితే ఆ పెట్టె మొత్తం ఆగుతుందంది. సరే, ప్యాకింగులో పిన్నీసు వద్దు, గుండీలున్న టోపీ అని మార్చాం.

అద్దకం ఖాతాకు ఒకటే మాట: కాస్టిక్ చల్లితే చర్మం పోతుంది, నేల ఎప్పుడూ తడే, కాబట్టి రబ్బరు బూట్లు, చేతి తొడుగులు కంపెనీ ఇస్తుంది, వేసుకోవాలి. అవే తొడుగులు తిరిగే రోలరు దగ్గర వేసుకుంటే చెయ్యిని లోపలికి లాగుతాయి. కాబట్టి అక్కడ వద్దని విడిగా రాశాం.

చివరికి పేరా ఇలా వచ్చింది:

"షెడ్డులో పనిచేసే అందరూ కంపెనీ ఇచ్చే నిండు చేతుల కోటు, తలగుడ్డ వేసుకోవాలి. కింద మీకు ఇష్టమైన బట్టలు వేసుకోవచ్చు. పైట, ఓణీ, ధోవతి చెంగు, జడ, గొలుసు, కార్డు తాడు కోటు లోపల ఉండాలి, ఎందుకంటే అవి యంత్రానికి చుట్టుకుంటాయి. మగ్గాలు, ప్యాకింగు దగ్గర గాజు గాజులు వద్దు, పగిలి మీకూ సరుకుకూ హాని చేస్తాయి. ప్యాకింగులో పిన్నీసులు వద్దు. కాలివేళ్లు మూసే చెప్పులు లేదా బూట్లు ఉండాలి. అద్దకంలో కంపెనీ బూట్లు, తొడుగులు వాడాలి. తిరిగే రోలరు దగ్గర తొడుగులు వద్దు. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ఉంది. మతం, ఆరోగ్యం, గర్భం వల్ల దేనిలోనైనా ఇబ్బంది ఉంటే ముందుగా ఆఫీసులో చెప్పండి, మూడు రోజుల్లో జవాబు ఇస్తాం. ఏదైనా మరచి వస్తే గేటు దగ్గర కోటు, తలగుడ్డ, చెప్పులు ఇస్తారు, వెనక్కి పంపరు."

సేట్ చివరి మాట దగ్గర బేరం పెట్టాడట. రోజూ మరచి వస్తే ఎట్లా అన్నాడు. నెలలో మూడుసార్లు దాటితే పిలిచి మాట్లాడతాం అని చేర్చారు. పోయిన సగం రోజు పగార్ మాత్రం ఇవ్వలేదు. దానికోసం యూనియన్ వాళ్లు ఇంకా తిరుగుతున్నారు.

మరాఠీ, తెలుగు, ఉర్దూ మూడింట్లో రాసి గేటుకు అంటించారు. చదవలేనివాళ్లకు ప్రతి పాళీ మొదట్లో ఒకరు చదివి వినిపిస్తున్నారు. రెండో రోజే అద్దకం ఖాతాలో పనిచేసే మన పిల్లోడు ఒకడు ఆఫీసుకు పోయాడు. అయ్యప్ప మాల వేసుకున్నాడు, నల్ల బట్టలు, నలభై ఒక్క రోజులు చెప్పులు లేవు. నల్ల బట్టలకు అడ్డం లేదు, కోటు పైన వేసుకుంటాడు. వట్టి కాళ్లతో కాస్టిక్ తడిలో మాత్రం నిలబెట్టలేరు. మాల తీసేదాకా వాడిని పై అంతస్తులో మడతల బల్ల దగ్గరికి మార్చారు. పగార్ అదే. అక్కడ కాలి కింద పొడి నేల, చుట్టూ యంత్రం లేదు. "మెట్ల మీద మాత్రం చూసి నడువు బిడ్డా" అని చెప్పి వచ్చాను.