పిల్లల చార్టులు – రంగుల ఎంపిక

పాఠశాలలలో విజ్ఞాన ప్రదర్శన జరిగే దినములలో చిన్న తరగతుల పిల్లలు తెచ్చే చార్టులను పరిశీలించిన వారికి ఒక విషయం తెలియకపోదు. పెట్టెలో పన్నెండు స్కెచ్ పెన్నులుంటే పన్నెండు రంగులూ చార్టుమీదకు ఎక్కుతాయి. శీర్షిక పసుపు, ఉపశీర్షిక గులాబి, వివరణ ఆకుపచ్చ, అంచులు ఎరుపు. దగ్గర నిలబడి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. పది అడుగుల దూరం జరిగితే మాత్రం శీర్షిక కాగితంలో కలిసిపోతుంది. రంగులు ఎక్కువగా ఉన్న చార్టుకే మార్కులు వేసే అలవాటు మనలో ఉన్నంత కాలం ఈ దోషం పోదని నా అభిప్రాయం. చార్టుకు రంగులను ఎన్నుకునేటప్పుడు మొదట చూడవలసినది రంగు పేరు గాక, ఆ రంగులోని వెలుగు అని ఈ వ్యాసంలో మనవి చేయదలచాను.

మన కన్ను అక్షరాన్ని గుర్తించేది ముఖ్యంగా వెలుగు తేడాను బట్టి. అక్షరం ఎంత చీకటిగా, దాని వెనుక నేల ఎంత వెలుగుగా ఉంటే అంత సులువుగా చదవగలం. ఇది తారుమారైనా ఫలితం అదే. కంప్యూటరు తెరమీది అక్షరాలకు ఈ తేడాను అంకెలలో కొలిచే పద్ధతి ఒకటి వాడుకలో ఉన్నది. తెలుపుపై నలుపుకు ఆ కొలత 21. మామూలు పరిమాణంలోని అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తెలుపుపై నిండు పసుపుకు ఈ కొలత కేవలం 1.1 దాపున ఉంటుంది. ముదురు ఆకుపచ్చపై నిండు ఎరుపుకు 1.3 మాత్రమే. ఎరుపు, ఆకుపచ్చ పేరుకు ఎంతో దూరపు రంగులు. వెలుగులో మాత్రం దాదాపు సమానం. అదే పసుపుపై నలుపు పెడితే కొలత 19 దాటుతుంది. చార్టు కాగితం మీది సిరా తెరమీది కాంతి వంటిది కాదు గనుక ఈ అంకెలు యథాతథంగా వర్తించవు. అయినా ఏ జంట మేలైనది, ఏది నాసిరకమైనది అనే వరుస మాత్రం పెద్దగా మారదు.

ఈ సూత్రానికి నిదర్శనాలు మన కళ్ళ ముందే ఉన్నవి. నార్కట్‌పల్లి మీదుగా పోయే హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఊళ్ళ పేర్లు చూపే పెద్ద బోర్డులు ఆకుపచ్చ నేలపై తెల్లని అక్షరాలతో ఉంటాయి. నల్లగొండ రైల్వే స్టేషనులో దిగితే పసుపు బోర్డుపై నల్లని అక్షరాలు కనబడతాయి. వేగంగా పోయే వాహనంలోని మనిషి క్షణంలో చదవాలని ఏర్పరచినవి అవి. రెండింటిలోనూ రెండే రంగులు: ఒకటి చీకటి, ఒకటి వెలుగు.

ఇక తెలుగు, ఉర్దూ రెండు లిపులూ నేర్చుకునే మన పిల్లల సంగతి మరికొంత సున్నితమైనది. తెలుగులో ‘ప’కూ ‘ష’కూ మధ్య ఉన్నది లోపలి చిన్న గీత ఒక్కటే, ‘ద’కూ ‘ధ’కూ మధ్య ఉన్నది కింది చిన్న గీత. ఉర్దూలో బే, పే, తే అనే మూడు అక్షరాలకు దేహం ఒక్కటే. బేకు కింద ఒక చుక్క, పేకు కింద మూడు, తేకు పైన రెండు. అక్షరపు దేహం లేత రంగులో కొంతవరకు కనబడవచ్చును గాని ఈ చుక్కలు, గీతలు మొట్టమొదట మాయమవుతాయి. నీటిని గూర్చిన చార్టులో ‘విషం’ అన్న మాటలోని గీత కనబడకపోతే అది ‘విపం’ అవుతుంది. ఉర్దూలో ‘పానీ’ అని వ్రాసినప్పుడు కింది మూడు చుక్కలు అలికినట్లయి ఒకటిగా తోస్తే అది ‘బానీ’ అవుతుంది. అంటే స్థాపకుడు అని అర్థం. కనుక రెండు లిపులలో వ్రాసే చార్టుకు అక్షరాల రంగు నలుపో, ముదురు నీలమో కావడం అలంకారం కోసం కాదు, అర్థం నిలవడం కోసం.

ఒక చార్టును ఉదాహరణగా తీసుకుందాము. మన జిల్లాకు చిరకాలం బాధ కలిగించిన ఫ్లోరైడు సమస్యపై ఆరవ తరగతి విద్యార్థి ఒకడు చార్టు వేయవలసి ఉన్నదనుకుందాము. విషయం ‘నల్లగొండ పద్ధతి’. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన ఈ పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న నీటిలో సున్నపు నీరు, బ్లీచింగ్ పౌడరు కలిపి, పిమ్మట పటిక ద్రావణం పోసి సుమారు పది నిమిషాలు కలియబెట్టి, గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. అడుగుకు కొంచెం పైన అమర్చిన నల్లా ద్వారా పైనున్న తేటనీటిని తీసుకుంటారు.

ఇందులో చిక్కు ఏమనగా సున్నం తెలుపు, పటిక తెలుపు, బ్లీచింగ్ పౌడరు తెలుపు, నీటికి రంగే లేదు. చార్టు కాగితమూ తెలుపే. పిల్లవాడు సహజంగా చేసే పని సున్నానికి గులాబి, పటికకు పసుపు, నీటికి నిండు నీలం వేసి, ఆ నీలంపైనే ఎర్ర అక్షరాలతో ‘ఫ్లోరైడు నీరు’ అని వ్రాయడం. దీనివల్ల మూడు నష్టాలు కలుగుతాయి. పటిక పసుపు రంగులో ఉంటుందని చూసేవారు పొరబడతారు. కాగితం మీది పసుపు కనబడదు. నీలంపై ఎరుపు అదిరినట్లు తోస్తుంది. ఈ చివరిదానికి కారణం కన్నులోనే ఉన్నది. కంటి కటకం ఎర్రని కాంతిని, నీలి కాంతిని ఒకే చోట కేంద్రీకరించలేదు; ఒకటి స్పష్టంగా ఉంటే రెండవది కొంచెం మసకబారుతుంది.

దీనికి సరియైన మార్గం ఇది. తొట్టిలోని నీటికి లేత నీలం మాత్రం పలుచగా వేయవలెను. సున్నం, పటిక ముద్దలను తెల్లగానే విడిచి, చుట్టూ మందమైన నల్లని గీత గీయవలెను. లేత నీలంపై నల్లగీతల మధ్య తెలుపు చక్కగా కనబడుతుంది. వస్తువు నిజమైన రంగూ చెడదు. అడుగున దిగిన మడ్డికి బూడిద రంగు చాలు. పేర్లను నీటిలో వ్రాయక, పక్కనున్న తెల్లని కాగితంపై నల్లగా వ్రాసి, గీతతో బొమ్మకు కలపవలెను. ఎరుపును ఒక్క చోటికి మాత్రం దాచి ఉంచవలెను: ‘అడుగు మడ్డి తాగరాదు’ అన్న హెచ్చరిక చుట్టూ గీసే గడికి. చార్టంతటిలో ఎరుపు ఒక్క చోటనే ఉంటే చూపు తనంతట అక్కడికే పోతుంది. పది చోట్ల ఉంటే ఎక్కడికీ పోదు.

పరికరాల గుణమూ తెలిసి ఉండాలి. స్కెచ్ పెన్ను సిరా పారదర్శకం. కింది రంగు దానిలోనుంచి కనబడుతుంది. నీలంపై పసుపు పెన్నుతో వ్రాస్తే ఆకుపచ్చ వస్తుంది. ముదురు నేలపై లేత అక్షరం స్కెచ్ పెన్నుతో రానే రాదు. రహదారి బోర్డువలె ముదురు నేలపై తెల్లని శీర్షిక కావాలంటే, కింది రంగును కప్పివేసే పోస్టర్ కలరు వాడవలెను, లేదా తెల్ల కాగితంలో అక్షరాలు కత్తిరించి అంటించవలెను. మైనపు క్రేయానుతో రంగు నింపిన చోట స్కెచ్ పెన్ను సరిగా పట్టదు. నీటి రంగు తడి ఆరకముందు పైన వ్రాస్తే సిరా అలుకుకుపోతుంది. కాబట్టి ముందు పెన్సిలుతో అన్నింటికీ చోటు నిర్ణయించి, అక్షరాల చోటును తెల్లగా విడిచి, మిగిలినచోట రంగు నింపి, ఆరిన తరువాత నల్లని అక్షరాలు దిద్దడం ఉత్తమమైన వరుస.

చూసేవారి కన్నులన్నీ ఒకటి కావు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుగా గుర్తించలేని వారు కొందరు పుట్టుకతోనే ఉంటారు. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ డాల్టన్ తన కంటిలోని ఈ లోపాన్ని 1794లోనే వివరించాడు. ఇది వంశపారంపర్యంగా ముఖ్యంగా మగపిల్లలకు వస్తుంది; ఉత్తర ఐరోపా సంతతి పురుషులలో నూటికి సుమారు ఎనిమిది మందికి ఉన్నదని అంచనా. అటువంటి బాలుడు తరగతిలో ఉండి కూడా తన సంగతి తానే ఎరుగకపోవచ్చును. చెడ్డ నీటి బోరింగుకు ఎరుపు, మంచి నీటి బోరింగుకు ఆకుపచ్చ వేసి ఊరుకుంటే అతనికి రెండూ ఒకే తీరుగా తోచవచ్చును. కనుక రంగుతోపాటు ఎర్రని దానిపై ఇంటూ గుర్తు, ఆకుపచ్చ దాని కింద ‘తాగవచ్చు’ అన్న మాట ఉండి తీరాలి. వయసు మీరినవారి కంటి కటకం పచ్చబారుతుంది గనుక లేత నీలానికీ తెలుపుకూ ఉన్న తేడా వారికి తగ్గిపోతుంది. మనుమడి చార్టు చూడవచ్చిన నాయనమ్మకు తొట్టిలో నీటిమట్టం తెలియాలంటే ఆ మట్టం వద్ద ఒక నల్లని గీత ఉండాలి.

చార్టు సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని పరీక్షలు రెండు ఉన్నవి. మొదటిది, పది అడుగుల దూరంలో నిలిచి కన్నులు సగం మూసి చూడడం. అప్పుడు రంగులు మసకబారి వెలుగు నీడలే మిగులుతాయి. ఆ స్థితిలో మాయమైనది మార్చవలసినది. రెండవది, సెల్‌ఫోనుతో చార్టును నలుపు–తెలుపు ఫోటో తీయడం. ఫోటోలో శీర్షిక చదవగలిగితే రంగుల ఎంపిక సరియైనది. బూడిదలో బూడిదగా కలిసిపోతే ఎంత అందమైన జంట అయినా విడిచిపెట్టవలెను.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. చుట్టుపక్కల పాఠశాలల పిల్లలను పిలిచి ప్రదర్శన జరిపినప్పుడు న్యాయనిర్ణేతల పట్టికలో ‘రంగుల ఆకర్షణ’ అన్న మాటను తీసివేసి, ‘పది అడుగుల నుండి చదవగలమా’ అన్న ప్రశ్నను చేర్చవలెను. ఉపాధ్యాయ వృత్తిలోకి పోదలచిన మన విద్యార్థినీ విద్యార్థులు ఆనాడు పిల్లలకు ముందుగా నల్ల పెన్ను అందించి, తక్కిన పదకొండింటిలో ఏ రెండు కావాలో వారినే అడుగవలెను. మూడు రంగుల చార్టు వెలవెలబోతుందని కొందరు ఆక్షేపించవచ్చును. అయితే తాగే నీటిని గురించి పిల్లవాడు వ్రాసిన మాట గడపలో నిలిచిన తల్లిదండ్రులకు చేరనప్పుడు, తక్కిన తొమ్మిది రంగులు ఎవరి కోసం వేసినట్లు?