పాత ఫోన్ ఇచ్చేస్తున్నారా? రీసెట్ బటన్ అందరికంటే చివర్న నొక్కండి

మొన్న పండక్కి నార్కట్‌పల్లి వెళ్తూ మా చిన్నమ్మకి ఒక ఫోన్ తీసుకెళ్లా. కొత్తది కాదు, డ్రాయర్‌లో ఏడాదిగా పడి ఉన్న నా పాత ఆండ్రాయిడ్ 11 ఫోన్. బ్యాటరీ బాగుంది, స్క్రీన్ మీద గీత కూడా లేదు. ఒక్కటే చిక్కు, దానికి పెట్టిన ప్యాటర్న్ నేనే మర్చిపోయా. పెద్ద విషయమా అనుకున్నా. వాల్యూమ్ అప్, పవర్ బటన్లు కలిపి నొక్కి రికవరీ మోడ్‌లోకి వెళ్లి Wipe data/factory reset కొట్టేశా. రెండు నిమిషాల్లో ఫోన్ కొత్త పెళ్లికూతురిలా తయారైంది. తుడిచి, కవర్ వేసి, బ్యాగులో పెట్టుకుని బస్సెక్కా.

చిన్నమ్మ ఇంట్లో వైఫై కలిపి సెటప్ మొదలుపెట్టగానే ఇది వచ్చింది: "This device was reset. To continue, sign in with a Google Account that was previously synced on this device." కింద నా పాత ప్యాటర్న్ అడుగుతోంది. అది గుర్తుంటే నేను రికవరీ దాకా ఎందుకు వెళ్తా? పోనీ గూగుల్ అకౌంట్‌తో వెళ్దామంటే, అందులో ఉన్నది నేను కాలేజీలో వాడిన జీమెయిల్. పాస్‌వర్డ్ గుర్తులేదు. రికవరీ నంబర్‌గా ఇచ్చిన సిమ్ ఎప్పుడో పోయింది.

"గిదేందిరా, ఫోన్ నాకిచ్చి తాళంచెవి నీ దగ్గర పెట్టుకున్నవా?" అంది చిన్నమ్మ. నవ్వుతూనే అన్నా, ఫోన్లు రివ్యూ చేసేవాడికి అంతకంటే పరువు తక్కువ ఏముంటుంది!

నిజానికి చిన్నమ్మ చెప్పిందే అసలు టెక్నికల్ వివరణ. ఈ తాళం పేరు ఫ్యాక్టరీ రీసెట్ ప్రొటెక్షన్, షార్ట్‌గా ఎఫ్ఆర్‌పీ. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. ఐఫోన్లలో ఇదే పని చేసే యాక్టివేషన్ లాక్ అంతకు రెండేళ్ల ముందే, 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ పెట్టి, స్క్రీన్ లాక్ కూడా పెడితే చాలు, ఎఫ్ఆర్‌పీ దానంతట అదే ఆన్ అవుతుంది. మనల్ని ఎవరూ అడగరు. ఆ అకౌంట్ గుర్తు మన ఫొటోలు, యాప్స్ ఉండే చోట కాకుండా స్టోరేజ్‌లో విడిగా ఒక చిన్న పార్టిషన్‌లో ఉంటుంది. రికవరీ నుంచి రీసెట్ చేస్తే డేటా మొత్తం పోతుంది కానీ ఆ పార్టిషన్ అలాగే ఉంటుంది. దొంగ చేసేది సరిగ్గా ఇదే కాబట్టి, ఫోన్ మనల్ని కూడా దొంగలాగే చూస్తుంది. దాని దృష్టిలో తప్పు లేదు.

సెట్టింగ్స్‌లోంచి Erase all data (factory reset) నొక్కితే కథ వేరు. అక్కడ ముందు పిన్ అడుగుతుంది కాబట్టి, చేస్తున్నది ఓనరే అని ఫోన్‌కి తెలుస్తుంది, మామూలుగా తాళం కూడా తీసేస్తుంది. ఆ "మామూలుగా" అన్న మాటని మాత్రం నేను నమ్మను. కంపెనీకో తీరు ఉంటుంది. పైగా శాంసంగ్‌లో శాంసంగ్ అకౌంట్, షావోమీలో మీ అకౌంట్ వేరే ఉంటాయి. వాటి ఫైండ్ డివైస్ ఆన్‌లో ఉంటే గూగుల్ తాళం పోయినా రెండో తాళం మిగులుతుంది. అందుకే సైన్ అవుట్ ముందు, రీసెట్ తర్వాత. Settings > Passwords & accounts లోకి వెళ్లి ఒక్కో గూగుల్ అకౌంట్ తీసెయ్యండి, తర్వాత కంపెనీ అకౌంట్ తీసెయ్యండి. ఇంట్లో వాళ్లు ఎప్పుడో ప్లే స్టోర్ కోసం పెట్టిన రెండో జీమెయిల్ కూడా అక్కడే దాక్కుని ఉంటుంది, లిస్ట్ చివరి దాకా చూడండి. కొత్త ఫోన్‌లో కూర్చుని గూగుల్ అకౌంట్ డివైస్ లిస్ట్‌లోంచి పాత ఫోన్‌ని తీసేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. దానివల్ల లాగిన్ పోతుంది, తాళం పోదు. ఐఫోన్ వాళ్లకి ఈ విషయంలో కొంచెం అదృష్టం ఉంది. ఫోన్ చేతిలో లేకపోయినా ఐక్లౌడ్‌లోంచి ఎరేజ్ చేసి, Remove from Account కొడితే లాక్ పోతుంది.

నార్కట్‌పల్లిలో ఒక మొబైల్ షాపు అతన్ని అడిగితే "బైపాస్ కొట్టిస్తా అన్నా, గంట పని" అన్నాడు. వద్దన్నా. నా అభిప్రాయం సూటిగా చెప్తా. సొంత ఫోనైనా సరే బైపాస్ చేయించకండి. ఎక్కడిదో తెలియని ఏపీకేనో టూల్‌నో లోపలికి ఎక్కించిన ఫోన్‌లో చిన్నమ్మ రేపు యూపీఐ పెట్టుకుంటుంది కదా! ఆండ్రాయిడ్ 15 నుంచి ఈ దారులు బాగా మూసుకుపోయాయి కూడా. సెటప్ విజార్డ్‌ని ఎలాగోలా దాటేసినా తాళం ఆన్‌లోనే ఉంటుంది.

చివరికి నా పాత ల్యాప్‌టాప్ పుణ్యమా అని బయటపడ్డా. హైదరాబాద్ రూమ్‌లో ఉన్న రూమ్మేట్‌కి ఫోన్ చేసి, ఒకప్పుడు ఆ జీమెయిల్ వాడిన ల్యాప్‌టాప్‌లోనే అకౌంట్ రికవరీ పెట్టించా. తెలిసిన డివైస్, తెలిసిన వైఫై అయ్యేసరికి గూగుల్ నమ్మింది. పాస్‌వర్డ్ మార్చాం. గెలిచాం అనుకుని ఫోన్‌లో కొడితే తీసుకోలేదు. కారణం తర్వాత అర్థమైంది: పాస్‌వర్డ్ కొత్తగా మారిస్తే 24 గంటలు ఆగమని గూగుల్ హెల్ప్ పేజీలోనే ఉంది. మర్నాడు అదే పాస్‌వర్డ్‌తో ఫోన్ తెరుచుకుంది.

అసలు దెబ్బ అప్పుడు తగిలింది. ఫోన్ ఓపెన్ కాగానే చిన్నమ్మ అడిగిన మొదటి మాట: "తాత మాటలు ఉండె గద బిడ్డా అందుల, వినిపియ్యవా?"

తాత పోయి రెండేళ్లయింది. ఆ ఫోన్‌లో కాల్ రికార్డింగ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేది. చెరువుగట్టు జాతరకి రమ్మని, గుట్ట మీదికి నడిచే వెళ్దామని తాత చేసిన కాల్స్ అన్నీ అందులోనే ఉన్నాయి. గూగుల్ బ్యాకప్ ఆన్‌లో ఉంది కదా, అన్నీ క్లౌడ్‌లో ఉంటాయనుకున్నా. లేవు. గూగుల్ ఫొటోస్ ఫొటోలు, వీడియోలు మాత్రమే తీసుకుంటుంది, ఆడియోని ముట్టుకోదు. ఫోన్ బ్యాకప్ తీసుకునేది యాప్ డేటా, కాల్ హిస్టరీ, ఎస్ఎంఎస్, సెట్టింగ్స్ లాంటివి. కాల్ హిస్టరీ అంటే ఎవరికి ఎప్పుడు చేశామన్న లిస్ట్ మాత్రమే, మాటలు కాదు. రికార్డింగ్స్ చాలా ఫోన్లలో ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఒక మామూలు ఫోల్డర్‌లో కూర్చుంటాయి. శాంసంగ్‌లో అయితే Recordings/Call, మిగతా వాటిలో రికార్డర్ యాప్ ఫోల్డర్‌లో చూడాలి. ఎవరూ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురాకపోతే రీసెట్‌తో పోతాయి. పోతే మళ్లీ రావు. ఈ మధ్య ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, రీసెట్ ఆ కీని చెరిపేస్తుంది. "రీసెట్ చేసినా కొన్నవాడు ఫొటోలు రికవర్ చేస్తాడు" అని భయపడి ఫోన్ నిండా చెత్త వీడియోలు నింపే వాళ్లున్నారు. ఆండ్రాయిడ్ 10తోనో ఆ తర్వాతో వచ్చిన ఫోన్‌కి ఆ కష్టం అక్కర్లేదు. కొన్నవాడికి దొరకదు, మనకీ దొరకదు. రీసెట్ మెమరీ కార్డు జోలికి వెళ్తుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి, దాన్ని చేత్తో తీసేయండి.

వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లది కూడా దాదాపు ఇదే కథ. అవి గూగుల్ ఫొటోస్‌లోకి రావు, వాట్సాప్ సొంత బ్యాకప్‌లో మాత్రమే వస్తాయి. Settings > Chats > Chat backup తెరిచి మూడు చూడండి: చివరి బ్యాకప్ ఎప్పుడు జరిగింది, ఏ జీమెయిల్‌లోకి వెళ్తోంది, వీడియోలు కలిపారా లేదా. 2024 నుంచి ఈ బ్యాకప్ కూడా మీ 15 జీబీ గూగుల్ స్టోరేజ్‌లోనే లెక్క. స్టోరేజ్ నిండిపోతే బ్యాకప్ ఆగిపోతుంది, చాలామంది గమనించరు. నేను చూసిన ఒక ఫోన్‌లో చివరి బ్యాకప్ తేదీ ఎనిమిది నెలల కిందటిది. ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ పెట్టుకున్న వాళ్లు దాని పాస్‌వర్డ్ ఇప్పుడే ఒకసారి గుర్తు చేసుకోండి. అది మర్చిపోతే వాట్సాప్ కూడా ఏమీ చెయ్యలేదు. రెండు ఫోన్లూ ఆండ్రాయిడే అయితే నేను క్లౌడ్‌ని వదిలేసి Transfer chats వాడతా. క్యూఆర్ స్కాన్ చేస్తే నేరుగా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి వెళ్తుంది, స్టోరేజ్ గొడవ లేదు.

ఇక్కడే ఎక్స్‌చేంజ్ ఆఫర్ల మీద నాకు కోపం. కొత్త ఫోన్ తెచ్చిన డెలివరీ బాయ్ గుమ్మం దగ్గరే నిలబడి *#06# కొట్టి ఐఎంఈఐ చూసుకుని, "సార్, రీసెట్ చేసి ఇవ్వండి" అంటాడు. అతని తప్పు కాదు, ఇంకా పది ఇళ్లు తిరగాలి. కానీ కొత్త ఫోన్ చేతికి రావడం, పాతది పోవడం ఒకే నిమిషంలో జరిగితే క్యూఆర్ ట్రాన్స్‌ఫర్ ఎప్పుడు చేస్తాం? ఇంకో ప్రమాదం కూడా ఉంది. కొత్త ఫోన్‌లో జీమెయిల్ పెట్టబోతే "పాత ఫోన్‌లో Yes నొక్కండి" అంటుంది. ఆ పాత ఫోన్ అప్పటికే అతని బ్యాగులో ఉంటుంది. ఆథెంటికేటర్ యాప్‌లో కోడ్‌లు పెట్టుకుని, అకౌంట్‌కి సింక్ చెయ్యకుండా వదిలేసిన వాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. బోనస్ ఓ వెయ్యో రెండువేలో ఎక్కువ వస్తుందని ఆ తొందరలో పడకండి. పాతది వారం రోజులు పక్కన ఉంచుకుని తర్వాత అమ్మండి, కొంచెం తక్కువొచ్చినా సరే. తప్పక ఎక్స్‌చేంజే చెయ్యాల్సి వస్తే, ముందురోజు రాత్రే కేబుల్ పెట్టి ఇంటర్నల్ స్టోరేజ్ మొత్తం కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి, ఆథెంటికేటర్ సింక్ చూసుకోండి, గూగుల్ బ్యాకప్ కోడ్‌లు పేపర్ మీద రాసుకోండి.

ఆ వారం రోజుల్లో చెయ్యాల్సిన పని ఒకటే. బ్యాకప్ అయిందని నమ్మకుండా కొత్త ఫోన్‌లో తెరిచి చూడటం. అన్నిటికంటే పాత వాయిస్ మెసేజ్ ఒకటి ప్లే చెయ్యండి, ఎర్ర గీతలా డౌన్‌లోడ్ ఎర్రర్ కాదు, నిజంగా గొంతు వినపడాలి. కాంటాక్ట్స్‌లో మేస్త్రీ, పాలాయన లాంటి ఎప్పుడో సేవ్ చేసిన పేర్లు వెతకండి. పెద్దవాళ్ల ఫోన్లలో నంబర్లు జీమెయిల్‌లో కాకుండా "ఫోన్"లోనో సిమ్‌లోనో సేవ్ అయి ఉంటాయి, సింక్‌లో రావు. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో ఒకసారి పేమెంట్ చేసిందాకా పాతది చెరపకండి.

పండగ అయ్యాక చిన్నమ్మ పాత ఫోన్‌ని వాళ్ల పనామెకి ఇస్తానంది. ఈసారి వారం ఆగాం. ముందు ఆమె వాట్సాప్ మార్చాం, కాల్ రికార్డింగ్స్ ఫోల్డర్ నా ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశా. అకౌంట్లు రెండు తీశా, స్క్రీన్ లాక్ తీశా, సిమ్, మెమరీ కార్డు బయటికి తీశా, అప్పుడు సెట్టింగ్స్‌లోంచి రీసెట్. అయ్యాక వెంటనే ఆఫ్ చెయ్యలేదు. వైఫై కలిపి, సెటప్‌లో అకౌంట్ అడిగే పేజీ దాకా వెళ్లా. అక్కడ Skip కనపడింది. పాత పిన్ అడగలేదు. దాన్ని అక్కడే ఆఫ్ చేసి చిన్నమ్మ చేతిలో పెట్టా.

కాపీ చేసిన ఫోల్డర్‌లో రెండొందలకు పైగా ఫైల్స్ ఉన్నాయి. తాత నంబర్‌తో సెర్చ్ చేస్తే పదకొండు వచ్చాయి. నా ఫోన్‌లోవి పోయినా, ఆయన చిన్నమ్మకి చేసినవి మిగిలాయి.