రానంటే రానని చెప్పండి

అమీర్‌పేట, మాదాపూర్ హాస్టళ్లలో ఉంటూ కంపెనీలు మారే ప్రయత్నంలో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు:

మొన్న సోమవారం మా కన్సల్టెన్సీ ద్వారా ఎంపికైన ఒక జావా డెవలపర్ మాదాపూర్‌లో చేరాలి. పదిన్నర దాటినా రాలేదు. ఫోన్ స్విచాఫ్. సాయంత్రం లింక్డిన్‌లో చూస్తే నోటీస్ బైఅవుట్ కట్టించుకుని వేరే కంపెనీలో చేరి పది రోజులైంది.

ఎక్కువ జీతమొచ్చింది, వెళ్లాడు. అందుకు మాకు కోపం లేదు. ఆ రెండో ఆఫర్ అతను ఒప్పుకున్నది నోటీస్ పీరియడ్ ఆరో వారంలో. మేము రాసుకున్న తొంభై రోజుల్లో ఇంకా దాదాపు ఏడు వారాలున్నాయి. మా ఆఫీసు అమ్మాయి ప్రతి శుక్రవారం ఫోన్ చేసింది. ప్రతి శుక్రవారం "వస్తున్నా మేడమ్" అనే చెప్పాడు.

చాలామంది ఇది కన్సల్టెన్సీ వాళ్ల కమీషన్ గొడవ అనుకుంటారు. మనిషి చేరితేనే మాకు డబ్బు, అదీ మామూలుగా ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అది పోయింది. పోనివ్వండి.

ఆ పోస్టుకు చివరి రౌండ్‌లో రెండో స్థానంలో నిలిచిన కరీంనగర్ అమ్మాయి సంగతి చెప్పండి. ప్రాజెక్టు అయిపోయి బెంచి మీద ఉంది. క్లయింటు ఆమెను కాదనలేదు, పక్కన ఉంచమన్నాడు. మనవాడు ఆరో వారంలో ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఆ మధ్యాహ్నమే ఆమెకు ఫోన్ వెళ్లేది. మేము ఆమెను ఆశపెట్టి ఉంచలేక పోస్టు నిండిందని చెప్పేశాం. తక్కువ జీతానికి చెన్నై వెళ్లిపోయింది. సోమవారం సాయంత్రం మేము ఫోన్ చేసేసరికి అక్కడ చేరి రెండు వారాలు. మంగళవారం క్లయింటు ఆ పోస్టునే రద్దు చేశాడు. అతను మోసం చేసింది కంపెనీని కాదు, తనలాగే అద్దె గదిలో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూసిన మనిషిని.

"కంపెనీలు మాత్రం చెప్పి చేస్తున్నాయా?" అంటారు. చెయ్యడం లేదు. 2023 ఫిబ్రవరిలో విప్రో, ఆరున్నర లక్షలన్న ఫ్రెషర్లను మూడున్నర లక్షలకు వస్తారా అని అడిగింది. ఆ పోరాటం చెయ్యండి, మేమూ వస్తాం. కరీంనగర్ అమ్మాయికి దానితో ఏం సంబంధం?

"చెబితే తిడతారు, బతిమాలతారు" అంటారు. రెండు నిమిషాల తిట్లు పడలేని వాళ్లు రేపు క్లయింటు ముందు ఏం నిలబడతారు? చెప్పకపోతే ఏమవుతుందో చూశాం: 2022లో పెద్ద కంపెనీలనుంచి జనం గుంపులుగా మారుతూ నాలుగేసి ఆఫర్లు జేబులో పెట్టుకు తిరిగారు. ఫలితం ఇవాళ మీరే చూస్తున్నారు: కొందరు క్లయింట్లు ఒక పోస్టుకు ఇద్దరికి ఆఫరిచ్చి, ముందు వచ్చినవాణ్ని ఉంచుకుంటున్నారు. ఆ అలవాటు వాళ్లకు నేర్పింది మనమే.

ఇక చెయ్యాల్సింది. నోటిమాట మీద ఎక్కడా తప్పుకోకండి. కొత్త ఆఫర్ లెటర్ చేతికొచ్చి, మీరు రాతలో ఒప్పుకున్నాకే మిగతా చోట్ల చెప్పండి. కానీ ఒప్పుకున్న రోజే చెప్పండి. రెజ్యూమె మాత్రమే పంపి ఉంటే మెయిల్ చాలు. ఇంటర్వ్యూ తేదీ ఖరారై ఉంటే ముందు ఫోన్ చెయ్యండి, ప్యానెల్‌లో వాళ్లు సమయం కేటాయించుకుని ఉంటారు. మా ఆఫర్‌కు కూడా సరేనని ఉంటే ఫోన్ తప్పనిసరి, వెంటనే మెయిల్. ఫోన్‌లో చెప్పింది రికార్డుకెక్కదు. కంపెనీ పోర్టల్‌లో దరఖాస్తు ఉంటే అక్కడా వెనక్కి తీసుకోండి.

మెయిల్ పైన పేరు, పోస్టు, జాబ్ ఐడీ. లోపల ఇంతే:

"నమస్తే మేడమ్. నేను వేరే ఆఫర్ ఒప్పుకున్నాను, అందువల్ల ఈ పోస్టుకు నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. రెండు రౌండ్లు ఏర్పాటు చేసి, ప్రతిసారీ ఫలితం చెప్పినందుకు కృతజ్ఞతలు. ముందు ముందు బ్యాకెండ్ పోస్టులుంటే నన్ను తప్పకుండా సంప్రదించండి."

ఏ కంపెనీ, ఎంత జీతం అన్నది మీ ఇష్టం, రాయక్కర్లేదు. అమ్మకు బాగాలేదని అబద్ధాలొద్దు, లింక్డిన్ పది రోజుల్లో బయటపెడుతుంది. "ఇంకో రెండు లక్షలిప్పిస్తే ఆగుతారా?" అని అడిగితే, నిజంగా ఆగేదుంటే తప్ప బేరంలోకి దిగకండి. "ఆలోచిస్తా" అంటే మళ్లీ శుక్రవారం ఫోన్లు మొదలు. రిక్రూటర్లు కూడా మీలాగే కంపెనీలు మారతారు. ఇవాళ మా దగ్గర మీ పేరు పక్కన "జాయినింగ్‌కు రాలేదు" అని రాసుకున్న అమ్మాయే, రెండేళ్ల తర్వాత మీరు కలగన్న కంపెనీలో మీ రెజ్యూమె తెరవచ్చు.

అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్లకు మా డిమాండ్: రెజ్యూమె రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం నేర్పుతున్నారు, తప్పుకోవడానికీ ఒక అరగంట కేటాయించండి. తోటి రిక్రూటర్లకు: ముందుగా చెప్పి తప్పుకున్నవాణ్ని తిట్టకండి, జాయినింగ్ రోజు మాయమైనవాళ్ల జాబితాలో కలపకండి. "తనే తప్పుకున్నాడు, మళ్లీ పిలవొచ్చు" అని రాసి ఉంచండి. ఆ మాట రాసినట్టు అతనికి జవాబు కూడా పంపండి.