ఊరెళ్తున్నారా? బ్యాటరీలను సగమే నింపి పెట్టండి

జూన్‌లో ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బడులకు సెలవులు ఇవ్వగానే మా షాంటిలీలో తెలుగువాళ్ళ ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతాయి. డల్లస్ విమానాశ్రయం ఇంటి పక్కనే ఉన్నట్టు. పెట్టెలు కట్టడం, మొక్కలకు నీళ్ళు పోసేవాళ్ళను చూసుకోవడం, ఫ్రిజ్ ఖాళీ చేయడం అందరికీ గుర్తుంటాయి. సొరుగులో పడున్న కెమెరా స్పేర్ బ్యాటరీ, పవర్ బ్యాంకు, డ్రిల్లు బ్యాటరీ మాత్రం ఎవరికీ గుర్తుండవు. పది వారాల తర్వాత వచ్చి చార్జర్‌లో పెడితే ఎర్ర లైటు టపటపా కొట్టుకుంటుంది. అంతే, ఇక అది ఎక్కదు.

మా పక్క వీధి చెల్లెలు ఒకామె మొన్న, "అక్కా, నేను జాగ్రత్తపరురాలిని, అన్నీ ఫుల్ చార్జ్ చేసి గరాజ్‌లో పెట్టేశాను" అంది. చాలామంది చేసేది ఇదే. ఖాళీగా వదిలేయడం కన్నా నయమే కానీ, ఇదీ బ్యాటరీని తినేసే పద్ధతే. ఎందుకో చెప్తాను.

కర్పూరం డబ్బాలో మూత పెట్టి ఉంచినా కొన్నాళ్ళకు తరిగిపోతుంది కదా. బ్యాటరీలో చార్జ్ కూడా అంతే. తీగలు ఏవీ తగిలించకపోయినా లోపల రసాయనాలు మెల్లగా తమలో తాము పనిచేసుకుంటూనే ఉంటాయి. దీన్నే సెల్ఫ్ డిశ్చార్జ్ అంటారు. ఫోన్లలో, కెమెరాల్లో ఉండే లిథియం అయాన్ సెల్‌లో ఇది తక్కువే, నెలకు ఒకటి రెండు శాతం. అయితే బ్యాటరీ ప్యాక్ లోపల దాన్ని కాపలా కాసే చిన్న సర్క్యూట్ ఒకటి ఉంటుంది. కాపలావాడికీ భత్యం ఇవ్వాలిగా, అది నెలకు మరో మూడు శాతం దాకా లాగుతుంది. మొత్తం కలిపి నెలకు సుమారు అయిదు శాతం అనుకోండి.

ఇలా పోయిన చార్జ్ మళ్ళీ ఎక్కించుకుంటే వచ్చేస్తుంది. దాని గురించి దిగులు అక్కర్లేదు. దిగులు పడాల్సింది రెండో నష్టం గురించి. అది గిన్నెలో పాలు తగ్గడం కాదు, గిన్నే చిన్నదైపోవడం. అలా తగ్గిన సామర్థ్యం మళ్ళీ రాదు.

గిన్నె రెండు వైపుల నుంచి చిన్నదవుతుంది. ఒకటి, నిండుగా ఉన్నప్పుడు. పూర్తిగా చార్జ్ అయిన లిథియం సెల్‌లో 4.2 వోల్టులు ఉంటాయి. ఆ ఒత్తిడిలో లోపలి ద్రవం ఎలక్ట్రోడ్ల దగ్గర మెల్లగా విరిగిపోతూ, వాటి మీద పొరలా పేరుకుంటుంది. కొంత లిథియం ఆ పొరలో చిక్కుకుని ఇక పనికి రాదు. దీనికి వేడి తోడైతే మరీ వేగంగా జరుగుతుంది. బ్యాటరీల పుస్తకాల్లో ఇచ్చే అంకెలు సుమారుగా ఇలా ఉంటాయి: 77 ఫారన్‌హీట్, అంటే 25 సెల్సియస్‌లో నిండుగా ఏడాది ఉంచితే 80 శాతం సామర్థ్యమే మిగులుతుంది. అదే సెల్‌ను 40 శాతం చార్జ్‌తో ఉంచితే 96 శాతం మిగులుతుంది. 104 ఫారన్‌హీట్ వేడిలో నిండుగా ఉంచితే మిగిలేది 65 శాతమే. మా వైపు జూలైలో గరాజ్ ఎలా కాలుతుందో మీకు తెలుసు. ఎండలో నిలిపిన కారు సంగతి చెప్పనే అక్కర్లేదు.

రెండోది, బొత్తిగా ఖాళీ అయినప్పుడు. కెమెరా బ్యాటరీనే తీసుకుందాం. ఊరెళ్ళే ముందు రోజు పుట్టినరోజు ఫోటోలు తీసి, 10 శాతం మిగిలినదాన్ని అలాగే సంచిలో పడేశారు. నెలకు అయిదు చొప్పున రెండు నెలలకు సున్నా. మీరింకా రాలేదు. సున్నా దగ్గర కూడా సెల్ ఆగదు, వోల్టేజీ దిగుతూనే ఉంటుంది. రెండున్నర వోల్టుల చుట్టుపక్కల కాపలా సర్క్యూట్ నిద్రపోతుంది, అందుకే చార్జర్ దాన్ని గుర్తుపట్టదు. ఇంకా దిగి ఒకటిన్నర కిందకు పోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత చార్జ్ చేస్తే ఆ రాగి వేరేచోట పేరుకుని లోపలే షార్ట్ కావచ్చు. ఇలాంటి బ్యాటరీని ఏదో ఒక కిటుకుతో బతికించే వీడియోలు బోలెడున్నాయి. దయచేసి వాటి జోలికి పోకండి. ఆదా అయ్యేది ముప్పై డాలర్లు, పణంగా పెట్టేది ఇల్లు.

అదే బ్యాటరీని 50 శాతం దగ్గర పెట్టి వెళ్ళారనుకోండి. పది వారాలకు పన్నెండు శాతం పోయినా, మీరు వచ్చేసరికి 38 దాకా ఉంటుంది. అటు నిండు ఒత్తిడీ లేదు, ఇటు ఖాళీ ప్రమాదమూ లేదు. ఆరు నెలలకొకసారి చూసి మళ్ళీ సగానికి తెస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది.

సగం అని ఎలా తెలుస్తుంది? నాలుగు లైట్ల పవర్ బ్యాంకులో రెండు వెలిగితే చాలు. కెమెరా బ్యాటరీని కెమెరాలోనే పెట్టి గుర్తు చూడండి, చూశాక బయటకు తీసేయండి. విడి సెల్ అయితే పదిహేను డాలర్ల మల్టీమీటర్‌తో కొలవండి. కాసేపు ఊరికే ఉంచాక 3.7, 3.8 మధ్య చూపిస్తే సరిపోతుంది. నిండుగా ఉంటే కొంత వాడేయండి.

చోటు అంటారా, మనకు బేస్‌మెంట్ ఉండగా వేరే వెతుకులాట ఎందుకు? చల్లగా, పొడిగా ఉండే అల్మారా చాలు. ఫ్రిజ్‌లో పెట్టాలని కొందరు చెప్తారు. చల్లదనం మంచిదే కానీ బయటకు తీయగానే చెమ్మ పడుతుంది. మన పది వారాలకు ఆ తిప్పలు అనవసరం. ఫ్రీజర్ అసలే వద్దు.

పిల్లల బొమ్మల్లో వాడే రీచార్జబుల్ ఏఏ సెల్స్ వేరే జాతి, నికెల్ మెటల్ హైడ్రైడ్. పాత రకాలు చార్జర్‌లోంచి తీసిన మొదటి రోజే పదోవంతుకు పైగా పోగొట్టుకునేవి, నెల తిరిగేసరికి ఇంకా తగ్గేవి. 2005లో శాన్యో తెచ్చిన ఎనెలూప్ తర్వాత పరిస్థితి మారింది. ఆ రకం ఏడాది తర్వాత కూడా ముప్పాతికకు పైనే నిలుపుకుంటుంది. వీటికి సగం నియమం లేదు. మీ దగ్గరున్నవి ఏ రకమో తెలియకపోతే రెండింటిని చార్జ్ చేసి, తేదీ రాసిన టేపు అంటించి, నెల తర్వాత టార్చిలో వేసి చూడండి. తెలిసిపోతుంది.

కరెంటు పోయినప్పటి కోసం దాచేవి మాత్రం మామూలు ఆల్కలైన్ సెల్సే మేలు. 2012 జూన్ 29 రాత్రి వచ్చిన డెరేచో గాలివాన తర్వాత మన వర్జీనియాలో చాలా ఇళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. పాతకాపులకు గుర్తుండే ఉంటుంది. ఆల్కలైన్ సెల్ ఏడాదికి రెండు మూడు శాతమే పోగొట్టుకుంటుంది. దాని జబ్బు వేరు: టార్చిలోనే నెలల తరబడి ఉంచితే కారి, తెల్లటి పొడి పట్టి, లోపలి స్ప్రింగుల్ని తినేస్తుంది. కాబట్టి టార్చి పక్కనే, డబ్బాలో విడిగా పెట్టండి. తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీకి రెండు కొనలూ ఒకే వైపు ఉంటాయి, తాళంచెవి తగిలినా వేడెక్కుతుంది. వాటి మీద టేపు వేయండి.

తిరిగొచ్చాక మొదటిసారి చార్జ్ చేసేటప్పుడు మీరు మెలకువగా, దగ్గర్లో ఉండండి. పొట్ట ఉబ్బినది, చేతికి వేడిగా తగిలేది, చార్జర్ ఒప్పుకోనిది ఏదైనా పక్కన పెట్టండి. చెత్తబుట్టలో వేయకూడదు. కొనలకు టేపు చుట్టి, వెస్ట్ ఆక్స్ రోడ్డులోని ఐ-66 ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేయండి. ఉబ్బినదాన్ని తీసుకెళ్ళేదాకా ఇంట్లో కాకుండా, బయట ఇసుక పోసిన డబ్బాలో ఉంచండి.