రక్తపోటు: రెండు అంకెలు, అనేక గీతలు

జుబైల్‌లోని ఒక కర్మాగారంలో పనిచేస్తున్న నలభై అయిదేళ్ళ తెలుగు ఇంజనీరును ఉదాహరణగా తీసుకుందాం. జులై నెలలో జరిగిన వార్షిక వైద్య పరీక్షలో ఆయన చీటీమీద 142/88 అని రాశారు. ఆ రాత్రి అమెరికాలో ఉన్న తమ్ముడు ఫోనులో ఆ అంకెలు విని, “అన్నయ్యా, అది రెండవ దశ” అని కంగారుపడ్డాడు. గుంటూరులోని బావగారు వైద్యులు. ఆయన “మొదటి దశే, అదీ అంచుమీద ఉంది” అన్నారు. ఇద్దరూ చదివి చెప్పినవారే. అంకెలు అవే, మనిషి ఒకడే. మరి దశలు రెండెలా అయినాయి?

ముందు ఈ అంకెల అర్థం చూద్దాం. గుండె ముడుచుకొని రక్తాన్ని ధమనులలోకి నెట్టినప్పుడు గోడలమీద పడే అత్యధిక పీడనం పై అంకె. దానిని సిస్టోలిక్ అంటారు. గుండె సడలి, తిరిగి రక్తంతో నిండుతున్న వేళ ధమనులలో మిగిలివుండే అత్యల్ప పీడనం కింది అంకె, అది డయాస్టోలిక్. గుండె విశ్రాంతిగా ఉన్నా కింది అంకె సున్నకు పడిపోదు. సాగిన ధమనుల గోడలు తిరిగి దగ్గరకు వస్తూ రక్తాన్ని ముందుకు నడుపుతూనే ఉంటాయి. వయసుతో ఆ గోడలు బిరుసెక్కినప్పుడు పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గవచ్చు కూడా. పెద్దవారిలో 160/75 వంటి కొలత చూసి “కిందిది బాగానే ఉంది” అని ఊరుకోవడం అందుకే పొరపాటు.

రెండు అంకెలనూ పాదరసపు మిల్లీమీటర్లలో చెబుతారు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచి చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతి తెచ్చాడు. 1905లో రష్యన్ వైద్యుడు కొరొత్కోవ్ పట్టీ కింద వినిపించే చప్పుళ్ళను గుర్తించాడు. పట్టీ వదులవుతుండగా చప్పుడు మొదలైన చోటు పై అంకె, ఆగిపోయిన చోటు కింది అంకె. ఈనాటి ఎలక్ట్రానిక్ యంత్రం చప్పుళ్ళను వినదు. పట్టీలోని గాలి అదురును గమనించి, తయారీదారు తనలో ఉంచిన సూత్రంతో రెండు అంకెలనూ లెక్కకడుతుంది. అందుచేతనే పరీక్షలలో నెగ్గిన యంత్రాన్ని, మణికట్టుది కాక దండచేతిదాన్ని ఎంచుకోవాలి.

ఇక గీతల సంగతి. 2017లో అమెరికా హృద్రోగ సంస్థలు పెట్టిన వర్గీకరణలో 120 లోపు, 80 లోపు ఉంటే సాధారణం. పై అంకె 120 నుంచి 129 వరకు ఉండి, కిందిది 80 లోపే ఉంటే పెరిగిన రక్తపోటు. పై అంకె 130–139, లేదా కింది అంకె 80–89 అయితే మొదటి దశ. 140 లేదా 90 తాకితే రెండవ దశ. ఇక్కడ ‘లేదా’ అన్న మాటను గమనించాలి. రెండు అంకెలు రెండు వర్గాలలో పడితే పై వర్గమే లెక్క. 124/82 చూడడానికి తక్కువగా కనిపించినా, కింది అంకె మూలంగా అది మొదటి దశే.

భారతీయ వైద్యులు సాధారణంగా అనుసరించే పద్ధతిలో 140/90 దగ్గరే అధిక రక్తపోటు మొదలవుతుంది. ఐరోపా హృద్రోగ సంఘం 2024లో 140/90 గీతను అలాగే ఉంచి, దానికి దిగువన ‘పెరిగిన రక్తపోటు’ అనే వర్గాన్ని చేర్చింది. పలు దేశాలలో చదువుకున్న వైద్యులు పనిచేసే సౌదీ పాలీక్లినిక్కులలో ఒకే చీటీకి రెండు వ్యాఖ్యానాలు వినబడితే ఆశ్చర్యం లేదు.

అమెరికావారు గీతను కిందికి దించడం మందుల కంపెనీల మాయ అనే మాట మనవాళ్ళలో తరచు వినబడుతుంది. ఆ మాట తేలికగా అనకూడదు. 2015లో వెలువడిన స్ప్రింట్ అనే అధ్యయనంలో, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్న 9,361 మందిలో పై అంకెను 120 లోపుకు తేవాలని చికిత్స చేసిన వర్గానికి, 140 లోపు చాలనుకున్న వర్గంకంటే గుండె, మెదడు ప్రమాదాలు సుమారు నాలుగోవంతు తగ్గాయి. కాని అందులో రక్తపోటు కొలిచిన తీరు వేరు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, యంత్రంతో మూడుసార్లు కొలిచి సగటు తీశారు. అంత శ్రద్ధగా కొలిచిన అంకెకు గీసిన గీతను, హడావిడిగా కొలిచిన అంకెకు అంటగట్టడమే అసలు తప్పు.

మన ఇంజనీరు చీటీ అటువంటిదే. ఆయన మెట్లెక్కి వచ్చిన వెంటనే, చేతిని ఒడిలో వేలాడేసుకొని ఉండగా కొలిచారు. పట్టీ గుండె మట్టానికి 10 సెంటీమీటర్లు కిందకు ఉంది. ఆ ఎత్తు రక్తస్తంభం బరువు కూడా కొలతలో కలుస్తుంది. పాదరసం సాంద్రత 13.6, రక్తం సాంద్రత 1.06. 100 మిల్లీమీటర్లను 1.06తో హెచ్చించి 13.6తో భాగిస్తే 7.8 వస్తుంది, అనగా దాదాపు 8. అది రెండు అంకెలలోనూ కలిసిపోయింది. తీసివేస్తే 134/80. అమెరికా లెక్కలో రెండవ దశ మొదటి దశ అయింది. భారతదేశపు లెక్కలో అధిక రక్తపోటే కాకుండా పోయింది. ఆయన మారలేదు, చేయి పెట్టిన చోటు మారింది.

పట్టీ చిన్నదైతే తప్పు ఇంకా పెద్దది. 2023లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, అతి పెద్ద పట్టీ అవసరమైన లావుపాటి చేతులకు మామూలు పట్టీ చుట్టగా పై అంకె దాదాపు 20 ఎక్కువగా వచ్చింది. కొలతకు ముందు అరగంటలో గహ్వా గాని, సిగరెట్టు గాని తాగినా, మూత్రం ఆపుకొని కూర్చున్నా, కొలిచేటప్పుడు మాట్లాడినా అంకెలు పైకే పోతాయి.

తెలుగు సంఘాల వైద్య శిబిరాలు వరుసలో నిలబెట్టి ఒక్కసారి కొలిచి, చీటీమీద దశ పేరు రాసి ఇవ్వడం మానుకోవాలి. ఆ చీటీ పట్టుకొని ఒకరు పక్క గదిలోని మిత్రుడి మాత్ర మింగుతారు. మరొకరు ఉద్యోగానికి ముప్పు వస్తుందేమోనని దాన్ని దాచేస్తారు. దశ రాయడానికి బదులు రెండు కొలతలు, ఏ చేయి, ఏ వేళ అన్నవి రాసి, ఇంట్లో కొలుచుకోమని చెప్పడం మేలు. ఒక్కటి మినహాయింపు: 180/120 దాటిన కొలతతోపాటు ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబాటు, చూపు మసకబారడం వంటివి ఉంటే మళ్ళీ కొలుస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంజనీరు అదే చేశాడు. వారం రోజులు, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వీపు ఆనించి, చేయి బల్లమీద ఉంచి కొలిచాడు. మొదటిరోజువి వదిలేస్తే మిగిలిన 24 కొలతల సగటు 128/78. ఇంటి కొలతలకు గీతలు కొంచెం వేరు: అమెరికాలో 130/80, ఐరోపాలో 135/85. రెండింటికీ ఆయన లోపలే ఉన్నాడు, కాని అమెరికావారి ‘పెరిగిన’ వర్గంలో ఉన్నాడు. ఉప్పు తగ్గించి, నడక పెంచమని వైద్యుడు చెప్పాడు, మాత్ర రాయలేదు. అయితే ఇవి వేసవి అంకెలు. ఎండలకు చర్మపు రక్తనాళాలు వెడల్పయి, చెమటతో నీరు, ఉప్పు పోయి, రక్తపోటు సహజంగానే దిగివుంటుంది. చలికాలంలో అది పెరుగుతుంది గనుక ఆయన జనవరిలో మళ్ళీ వారం రోజులు కొలవాలి.