లైకులు లెక్కపెట్టి పోటీకి పంపేవాళ్ళకు

పోటీకి ఏ ఫోటోలు పంపాలని కొత్తవాళ్ళు అడిగితే మన ఫోటోగ్రఫీ క్లబ్బుల్లో తరచూ ఒకే జవాబు దొరుకుతుంది. "జడ్జి ఒక్కో ఫోటో చూసేది నాలుగైదు సెకన్లు. ఆ కాస్త సేపట్లో కన్ను ఆగాలి. ఏది ఆపుతుందో తెలియాలంటే వాట్సాప్ గ్రూపులో పెట్టు, దేనికి ఎక్కువ లైకులొస్తే అదే పంపు." ఇలా చెప్పేవాళ్ళలో ఏళ్ళ తరబడి కెమెరా పట్టినవాళ్ళు, సర్టిఫికెట్లు గోడల నిండా పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అందుకే దీన్ని చూసీచూడనట్టు వదిలేయడం కుదరదు.

సలహాలో మొదటి సగం నిజమే. వందల ఫోటోలు ఒకే పూటలో తెరమీద నడుస్తుంటే ఒక్కోదానికి దక్కేది కొన్ని క్షణాలే. ఆ నిజంలోంచి రెండో సగం మాత్రం పుట్టదు. ఎందుకు పుట్టదో తెలియాలంటే మార్కులు ఎలా పడతాయో చూడాలి.

సాధారణంగా ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు. ఒక్కొక్కరు 1 నుంచి 5 వరకు వేస్తారనుకుందాం (కొన్నిచోట్ల 9 దాకా కూడా ఉంటుంది). మూడూ కలిపి మొత్తం. వచ్చినవాటిలో పావు వంతో, మూడో వంతో ప్రదర్శనకు సరిపోయేలా నిర్వాహకులు ఒక గీత గీస్తారు. ఆ గీత 10 దగ్గర పడిందనుకోండి. ముగ్గురూ "బాగానే ఉంది" అనుకుని మూడేసి వేసిన ఫోటోకి 9 వస్తుంది, బయటే ఉండిపోతుంది. ఒకరు 5, ఒకరు 3, ఒకరు మొహం చిట్లించి 2 వేసిన ఫోటోకి 10 వస్తుంది, లోపలికి వెళ్తుంది. బహుమతుల దగ్గరికొచ్చేసరికి ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అక్కడ మార్కులు పక్కనపెట్టి మాట్లాడుకుంటారు, ఒక ఫోటో కోసం గట్టిగా పట్టుబట్టే జడ్జి ఒక్కరున్నా చాలు. ముగ్గురికీ అభ్యంతరం లేని ఫోటో కోసం పట్టుబట్టేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఇప్పుడు లైకు సంగతి. మనసులో 3 వేసినవాడూ బొటనవేలు నొక్కుతాడు, 5 వేసినవాడూ అదే బొటనవేలు నొక్కుతాడు. రెండు వందల మంది "బాగుంది" అనుకుంటే రెండు వందల లైకులు. ముగ్గురు మాత్రమే ఊపిరి బిగబట్టి చూసిన ఫోటోకి మూడు. జడ్జీల గదిలో తేల్చేది సరిగ్గా ఈ 3కీ 5కీ మధ్య తేడా, లైకు కొలవలేనిది కూడా అదే. మీరు గ్రూపులో పెట్టి ఎంచింది ఎవరికీ అభ్యంతరం లేని ఫోటోని, అంటే గీతకి ఒక్క మార్కు కిందుండే 9ని. రెచ్చగొట్టే ఫోటోలన్నీ గెలుస్తాయని నేననడం లేదు. 5, 2, 2 కలిపినా 9యే. కాకపోతే ఆ 9 వేరే ముగ్గురి ముందు 12 కావచ్చు. మూడేసి మార్కుల 9 ఎక్కడికెళ్ళినా ఇంచుమించు 9గానే ఉంటుంది.

ఇంతకంటే మొరటు తప్పు ఇంకోటుంది. లైకులు పడేది ఫోన్లో, జడ్జీలు చూసేది తెరమీద. ఫోన్లో నిలువు ఫోటో అద్దమంతా నిండి రాజాలా కనిపిస్తుంది, అడ్డం ఫోటో మధ్యలో పట్టీలా మిగులుతుంది. ప్రొజెక్టరు దగ్గర ఇది తలకిందులవుతుంది. చాలా పోటీల్లో అడిగే కొలత వెడల్పు 1920, ఎత్తు 1080 పిక్సెళ్ళు దాటకూడదని. మామూలు కెమెరా ఫోటో అడ్డంగా ఉంటే 1620, 1080గా సరిపోతుంది. నిలువుగా ఉంటే ఎత్తు 1080 దగ్గర ఆగిపోయి వెడల్పు 720కి కుదించుకుపోతుంది. లెక్కవేస్తే అడ్డం ఫోటోకి దక్కిన జాగాలో సగం కూడా కాదు, 44 శాతం. నిలువు ఫోటోలు పంపొద్దని కాదు. ఆ 44 శాతంలోనూ చెప్పాల్సింది చెప్పగలదా అని పంపేముందు చూసుకోవాలి, అంతే. ఒకే ఆకారం, గట్టి గీతలు ఉన్నవి నిలబడతాయి. మూలన చిన్న మొహంలో ప్రాణం పెట్టుకున్నవి తేలిపోతాయి.

ఒక ఎంపికని మొదటినుంచీ నడిపి చూద్దాం. నేలపట్టు తీసుకుంటాను. తిరుపతి జిల్లాలో పులికాట్ దగ్గరున్న పక్షుల కేంద్రం అది. చలికాలంలో నీళ్ళలో నిలబడ్డ కడప చెట్లమీద గూడబాతులు గూళ్ళు కడతాయి. ఒక సీజనంతా అక్కడ తిరిగిన ఫోటోగ్రాఫర్ చేతిలో చివరికి ఆరు ఫోటోలు మిగిలాయనుకోండి. ప్రకృతి విభాగానికి నాలుగు పంపొచ్చు.

మొదటిది, ఎర్రటి సూర్యాస్తమయంలో నల్లగా ఎగిరే గూడబాతు. లైకుల్లో దీనిదే అగ్రస్థానం. రెండోది, తల్లి నోటి సంచిలోకి పిల్ల మెడదాకా తల దూర్చి తింటున్న దృశ్యం, ఒక పుల్ల అడ్డంగా ఉంది. మూడోది అదే దృశ్యం, క్షణం తర్వాత. నాలుగోది, రెక్కలు బార్లా చాపి గూటిమీద దిగుతున్న పక్షి, ఎడమ రెక్క కొస ఫ్రేములో తెగిపోయింది. ఐదోది, ముసురు పట్టిన రోజు బూడిదరంగు ఆకాశం కింద చెట్టంతా గూళ్ళు. ఆరోది, ముందు తెప్పమీద జాలరి, వెనక గూడబాతుల గుంపు.

లైకుల పద్ధతిలో మొదటిది, నాలుగోది, ఆరోది ముందుంటాయి. సరిగ్గా ఈ మూడే ఇక్కడ దెబ్బతింటాయి.

ఆరోది నియమం దగ్గరే పోతుంది. అమెరికా ఫోటోగ్రాఫిక్ సొసైటీ, బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ, అంతర్జాతీయ సమాఖ్య ఫియాప్ కలిసి ప్రకృతి ఫోటోకి ఒకే నిర్వచనం రాసుకున్నాయి. వాటి గుర్తింపుతో జరిగే సాలన్లన్నీ దాన్నే పాటిస్తాయి. మనిషీ, మనిషి చేసిన వస్తువులూ కథలో విడదీయరాని భాగమైతే తప్ప ఉండకూడదు. గూడు కట్టుకున్న కొంగకి ఇంటి కప్పు అలాంటి భాగం. తెప్పమీది జాలరి మాత్రం గూడబాతు కథలో దారిన పోయేవాడు. ఆ ఫోటో చెడ్డదని కాదు, కలర్ విభాగంలోనో ట్రావెల్‌లోనో హాయిగా నిలబడుతుంది. విభాగం తప్పితే మంచి ఫోటో అయినా చెడ్డ ఎంట్రీయే.

నాలుగోదానికి రెక్క తెగింది, అతికించడానికి లేదు. అదే నిర్వచనం ప్రకారం కత్తిరించొచ్చు గానీ చేర్చడం, చెరపడం కుదరదు. మొహం, కన్ను వరకు దగ్గరగా కత్తిరిస్తే ఇంకో ఫోటో అవుతుందేమో చూడాలి. కాకపోతే వదిలేయాలి.

మొదటిది ఎందుకు వద్దు? ఇలాంటివి ఆ రోజు తెరమీద ఇంకా చాలా వస్తాయి. కన్ను ఆగాలన్న సలహా అందరూ విన్నారు కదా! ఎరుపుమీద ఎరుపు వస్తుంటే ఎవరి కన్నూ దేనిమీదా ఆగదు. సాంకేతికంగానూ ఒక రోగం ఉంది. లైకుల కోసం రంగు పెంచినప్పుడు ఎరుపు చానెల్ కుడిగోడకి కొట్టుకుంటుంది, హిస్టోగ్రామ్‌లో కనిపిస్తుంది. సూర్యుడి చుట్టూ ఉండాల్సిన మెత్తటి ఛాయలన్నీ ఒకే ఎర్రటి మచ్చగా గడ్డకడతాయి. ఫోన్లో అది వెలుగులా ఉంటుంది, పెద్ద తెరమీద రంగు డబ్బా ఒలికినట్టుంటుంది. అన్నిటికీ మించి, ఆ నిర్వచనమే అందంకన్నా కథకి ఎక్కువ విలువ ఇమ్మని జడ్జీలకు చెబుతోంది. నల్లటి ఆకారం ఎగురుతోంది అనడం తప్ప ఆ ఫోటోలో గూడబాతు గురించి తెలిసేదేమీ లేదు.

ఆ లెక్కన రెండు, మూడుల్లో ఒకటి తప్పనిసరి. పిల్లకి తిండి పెట్టే తీరు, సంచి సాగడం, అన్నీ ఉన్నాయి. పుల్ల అడ్డుగా ఉంది నిజమే. ఇక్కడే చెయ్యి దురద పెడుతుంది, చెరిపేద్దామని. చెరిపితే ప్రకృతి విభాగంలో అది నియమభంగం. బహుమతి దాకా వెళ్తే అసలు రా ఫైలు అడగొచ్చు, అక్కడ పుల్ల మళ్ళీ మొలుస్తుంది. సెన్సారుమీది దుమ్ము మచ్చలు తీసుకోండి, పుల్లని ఉండనివ్వండి. రెండోదీ మూడోదీ కలిపి మాత్రం పంపొద్దు. చాలా సాలన్లలో మీ నాలుగు ఫోటోలూ వరసగా రావు, విడివిడిగా వస్తాయి. కాసేపటికి మళ్ళీ అదే తల్లి, అదే పిల్ల కనిపిస్తే "ఇది ఇందాక చూశాం" అని జడ్జి చెయ్యి 2మీదికి పోతుంది. రెండింట్లో ఏది ఉంచాలో తేల్చేది పుల్ల కాదు, కన్ను. నూటికి నూరు శాతం పెద్దది చేసి చూసి, తల్లి కన్ను పదునుగా ఉన్నది ఉంచుకోవాలి. ఫోన్లో రెండూ ఒకేలా ఉంటాయి.

ఐదోది గ్రూపులో ఎవరూ పట్టించుకోనిది. వేలెడు అద్దంలో బూడిదరంగు తప్ప ఏముంది? 12కి 18 అంగుళాల ప్రింటు వేయించి చూడండి. ఒక్కో గూటిలో ఒక్కో పని జరుగుతుంటుంది, మనిషి దగ్గరికొచ్చి నిలబడిపోతాడు. ప్రింట్ల పోటీ ఉంటే దీన్ని మించింది ఆ ఆరింటిలో లేదు. ప్రొజెక్టరు పోటీకైతే నేను వెనకాడతాను, మబ్బు ఛాయలన్నీ ఒకటైపోతాయి.

ఆగస్టు 19న ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవానికి మన పట్టణాల్లో జరిగే ప్రదర్శనల్లో ప్రింట్లే ఎక్కువ. అందుకే ఎంపిక కూడా ప్రింటుమీదే జరగాలంటాను. షార్ట్‌లిస్ట్ మొత్తాన్ని 4కి 6 సైజులో వేయించండి. 12కి 18 కూడా అదే నిష్పత్తి, కాబట్టి చిన్నదాంట్లో కనిపించిన కూర్పే పెద్దదాంట్లో వస్తుంది. ఫోన్‌తో తీసినవాటికి మాత్రం జాగ్రత్త. అవి 4:3 నిష్పత్తిలో ఉంటాయి, అడ్డం ఫోటో అయితే 12కి 18లో ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. ఎక్కడ కత్తిరించాలో మీరు చెప్పకపోతే ల్యాబ్ కుర్రాడే చెబుతాడు. వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫైలుతో పెద్ద ప్రింటు వేయించడమూ మామూలైపోయింది. పొడవు 1600 పిక్సెళ్ళకు కుదించుకుపోయిన ఫైలు 18 అంగుళాలకు సాగితే అంగుళానికి 90 కూడా మిగలవు. కనీసం 200 ఉండాలి.

జడ్జి ఎవరో కనుక్కుని వాళ్ళ రుచికి తగ్గట్టు పంపమనే ఉపసలహా ఒకటుంది. ముగ్గురి రుచులూ కలిసే చోట మళ్ళీ ఆ 9యే ఉంటుంది. ఇక దాని జోలికి పోను.

ఇంతకీ మన నేలపట్టు ఫోటోగ్రాఫర్‌కి నాలుగు రాలేదు. రెండు, మూడుల్లో ఒకటి ఖాయం, ఐదోది ప్రింటైతే ఖాయం, నాలుగోది క్రాప్ నిలబడితే. మిగతా జాగా ఏం చేయాలి? తెరమీద విడివిడిగా మార్కులేసే పోటీ అయితే సూర్యాస్తమయాన్ని, రంగు తగ్గించి, పంపేయమంటాను. చాలాచోట్ల రుసుము విభాగానికే గానీ ఫోటోకి కాదు, ఓడితే అది ఒక్కటే ఓడుతుంది. నాలుగు ప్రింట్లూ పక్కపక్కనే ఒకే ప్యానెల్‌మీద వేలాడదీసే స్థానిక ప్రదర్శనలో మాత్రం వద్దు. ముసురులో గూళ్ళ పక్కన ఆ ఎరుపు పెడితే చూసేవాడి కన్ను దానిమీదికే పోతుంది, బూడిదరంగు ప్రింటు దగ్గరికి ఎవరూ రారు. అక్కడ రెండే పెట్టండి, మధ్యలో గోడ కనిపించనివ్వండి.